ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో అద్దం నిండా నురుగు: పంపు లోపమా, పొడి ఎక్కువా?

ప్రశ్న: "మాది 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్. ఈ మధ్య హైదరాబాద్‌లోనే వేరే అపార్ట్‌మెంట్‌కు మారాము. పాత ఇంట్లో వేసినంత పొడే వేస్తున్నాను కానీ ఇక్కడ అద్దం నిండా నురుగు వస్తోంది. గంటలో అయ్యే ఉతుకు రెండు గంటలు పడుతోంది, బట్టలు నీళ్లు కారుతూ వస్తున్నాయి. మెకానిక్ పంపు మార్చాలి అంటున్నారు. నిజంగా పంపేనా? అసలు పొడి ఎంత వేయాలి?"

పంపు మార్పించే పని ప్రస్తుతానికి ఆపండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిసి వచ్చాయంటే నూటికి తొంభై పాళ్లు అది పొడి ఎక్కువైన సంగతే. మీ కొత్త అపార్ట్‌మెంట్‌లో నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉందేమో అసోసియేషన్‌ వారిని ఒకసారి అడగండి. ఉంటే, ఒక మోస్తరు మురికి పట్టిన నాలుగైదు కిలోల బట్టలకు ఫ్రంట్ లోడ్ మాటిక్ పొడి 35 నుంచి 40 గ్రాములు చాలు. అదే బోరు నీళ్లయితే 60 గ్రాముల వరకు కావలసి వస్తుంది. ద్రవం వాడేవారు మెత్తటి నీటికి 30 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇవి నేను మరమ్మతుకు వెళ్లిన ఇళ్లలో సిఫారసు చేసే కొలతలు. మీ డబ్బా మీద ఇంతకంటే తక్కువ రాసి ఉంటే దానినే పాటించండి, ఎందుకంటే గాఢత పెంచి చేసిన పొడులు ఇంకా తక్కువ పడతాయి.

పంపు సంగతి తేల్చుకోవడానికి డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఈసారి మెషీన్ నీరు తోడలేక ఆగినప్పుడు తలుపు తెరవకుండా అరగంట అలాగే వదిలేయండి. ఆ తరువాత స్పిన్ లేకుండా డ్రెయిన్ మాత్రమే పెట్టండి. నురుగు కూర్చుని నీరుగా మారిపోతుంది కాబట్టి పంపు మంచిదైతే ఒకటి రెండు నిమిషాల్లో నీరంతా గొట్టం గుండా ధారగా బయటికి పోతుంది. అప్పుడు మీ పంపుకు లోపం లేదని అర్థం. అరగంట తరువాత కూడా నీరు కదలకపోతే ముందు కింది మూలన చిన్న మూత వెనుక ఉండే ఫిల్టరు చూడండి. ప్లగ్గు తీసేసి, కింద పళ్లెం, పాత తువ్వాలు పెట్టుకుని, వేడినీటి ఉతుకు అయి ఉంటే చల్లారనిచ్చి, మెల్లగా తిప్పండి. జుట్టు పిన్నులు, నాణేలు, చిన్నపిల్లల మేజోళ్లు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. ఫిల్టరు శుభ్రంగా ఉండి, గొట్టం మడత పడకుండా ఉండి, అయినా నీరు తోడకపోతే అప్పుడు పంపును అనుమానించవచ్చు.

నురుగుకు, పంపుకు ఉన్న సంబంధం ఏమిటంటే, మెషీన్ అడుగున ఉండేది చిన్న రెక్కల పంపు. ఆ రెక్కలు తిరుగుతూ నీటిని బయటికి విసరాలి. నురుగులో నీటి కంటే గాలే ఎక్కువ కనుక రెక్కలకు విసరడానికి బరువు అందదు. పంపు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, గుడగుడమంటుంది, కానీ గొట్టం నుంచి నురుగు తెరలు తెరలుగా వచ్చి ఆగిపోతుంది. వచ్చిన మనిషి ఆ చప్పుడు విని పంపు బలహీనపడిందని అనుకోవడం సహజమే. కొత్త పంపు బిగించిన రోజు ఖాళీ డ్రమ్ముతో పరీక్షిస్తారు కాబట్టి బాగానే పనిచేస్తుంది. మరునాడు అదే మోతాదు పొడితో బట్టలు వేయగానే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

స్పిన్ దగ్గర జరిగే నష్టం ఇంకా పెద్దది. బట్టలు ఉండే చిల్లుల డ్రమ్ము, నీటిని పట్టి ఉంచే బయటి టబ్బు, ఈ రెండింటి మధ్య ఉండే సందు చాలా తక్కువ. ఆ సందు నిండా నురుగు పట్టుకుంటే లోపలి డ్రమ్ము వేగం అందుకోలేదు, మోటారు మీద భారం పెరుగుతుంది. ఈ భారాన్ని మెషీన్‌లోని కంట్రోల్ బోర్డు గమనిస్తుంది, వేగం తగ్గించి నీరు తోడి మళ్లీ ప్రయత్నిస్తుంది, కొన్ని రకాలు తమంతట తామే ఇంకో జాడింపు కలుపుతాయి. తెర మీద నిమిషాలు కదలకుండా నిలిచిపోవడం, తొమ్మిది నిమిషాలు మిగిలి ఉండగా మళ్లీ ఇరవైకి పెరగడం ఇందువల్లనే. కొన్ని మెషీన్లు `Sud` అని గాని `Sd` అని గాని చూపిస్తాయి, అది నురుగు ఎక్కువైందని చెప్పే సంకేతం. మీ గంట ఉతుకు రెండు గంటలైందంటే మెషీన్ మీరు వేసిన పొడిని కడుక్కోవడానికే ఆ రెండో గంట ఖర్చు చేస్తోంది. చివరికి పూర్తి వేగం అందకుండానే ఆగిపోతుంది కనుక బట్టలు నీళ్లు కారుతూ వస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. స్పిన్ సరిగా కాకపోవడానికి బరువు ఒక పక్కకు చేరడం కూడా కారణం అవుతుంది. ఒకే ఒక దుప్పటి గాని, ఒక్క జీన్స్ ప్యాంటు గాని వేసినప్పుడు డ్రమ్ము అటూ ఇటూ తిప్పి సర్దుకోవాలని చూసి వదిలేస్తుంది. అప్పుడు కూడా బట్టలు తడిగా వస్తాయి, సమయం పెరుగుతుంది, కానీ అద్దం మీద నురుగు ఉండదు. మీకు నురుగు కనబడుతోంది కాబట్టి ఆ కారణాన్ని పక్కన పెడుతున్నాను.

నురుగు ఎక్కువ ఉంటే మురికి ఎక్కువ పోతుందన్న నమ్మకం ఫ్రంట్ లోడ్ విషయంలో సరిగ్గా తిరగబడుతుంది. బకెట్‌లో నానబెట్టి చేత్తో రుద్దే పద్ధతిలో నురుగు మనకు ఒక గుర్తుగా పనికొచ్చింది. నురుగు చచ్చిందంటే పొడి అయిపోయిందని తెలిసేది. అందుకే బకెట్ పొడులను నురుగు బాగా వచ్చేలాగే తయారు చేస్తారు. ఫ్రంట్ లోడ్‌లో ఉతికేది రుద్దుడు కాదు, బట్ట పైనుంచి పడే దెబ్బ. డ్రమ్ము లోపలి గోడకు ఉండే పొడుగాటి గట్లు బట్టలను పైకి ఎత్తి కింద ఉన్న కొద్దిపాటి నీటిలో పడేస్తాయి. చాకిరేవులో బండకేసి కొట్టినప్పుడు మురికి వదిలినట్టే ఆ దెబ్బకే ఇక్కడ మురికి వదులుతుంది. డ్రమ్ము నిండా నురుగు ఉంటే పడే బట్టను ఆ నురుగు మధ్యలోనే పట్టుకుంటుంది. దెబ్బ తగలదు, బట్ట నురుగులో అలా దొర్లుతూ ఉంటుంది. కాలరు మురికి, చేతి మడతల మురికి పోవడం లేదని మనం ఇంకో చెంచా పొడి కలుపుతాము, నురుగు ఇంకా పెరుగుతుంది, మురికి ఇంకా మిగులుతుంది. చాలా ఇళ్లలో మోతాదు ఏళ్ల తరబడి పెరుగుతూ పోవడానికి ఇదే దారి.

అందుకే ఫ్రంట్ లోడ్ పొడిలో నురుగును అణిచే పదార్థాలు కలుపుతారు. బకెట్ పొడిని ఎంత తక్కువైనా సరే ఇందులో వేయవద్దు. టాప్ లోడ్ మాటిక్ పొడి కూడా ఇందుకు సరిపోదు. టాప్ లోడ్ మెషీన్ బట్టలు మునిగేంత నీరు తీసుకుంటుంది కాబట్టి దాని పొడిలో నురుగుకు కొంత చోటు ఇస్తారు. ఫ్రంట్ లోడ్ ముఖ్య ఉతుకుకు తీసుకునే నీరు పదిహేను లీటర్ల అటూ ఇటూ మాత్రమే. అంత తక్కువ నీటిలో అదనపు పొడి గాఢత ఎంత పెరుగుతుందో, దానిని వదిలించడం జాడింపుకు ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఇక అసలు చిక్కు ముడి నీటిలో ఉంది. మీరు పొడి మార్చలేదు, మెషీన్ మార్చలేదు, ఇల్లు మార్చారు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలను కాఠిన్యం అంటాము. పొడి నీటిలో పడగానే అందులోని కొంత భాగం ముందుగా ఈ లవణాలను పట్టుకోవడానికే ఖర్చవుతుంది. మిగిలినదే మురికి మీద పనిచేస్తుంది, మిగిలినదే నురుగు తెస్తుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని అంగీకరిస్తుంది, వేరే నీరు లేని చోట 600 వరకు అనుమతిస్తుంది. హైదరాబాద్ బోర్లలో 300, 400 చూడటం నాకు మామూలే. నల్లా నీరు సాధారణంగా అంతకంటే బాగా మెత్తగా ఉంటుంది. సాఫ్ట్‌నర్ సరిగా పనిచేస్తే 50కి లోపలే వస్తుంది. అంటే బోరు నీటిలో లవణాలు మింగేసే పొడి సాఫ్ట్‌నర్ నీటిలో మొత్తం నురుగుగా తేలుతుంది. బోరు నీటికి సరైన మోతాదే మెత్తటి నీటికి దాదాపు రెట్టింపు మోతాదు అవుతుంది.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. మంచినీళ్ల ఫిల్టరు వారు తెచ్చే, నీటిలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు అంకె చూసి నీరు గట్టిదో మెత్తనిదో నిర్ణయిస్తారు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసేసి దాని బదులు సోడియం వదులుతుంది, కాబట్టి టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది. 600 టీడీఎస్ చూపే నీరు కూడా ఉతుకుకు పూర్తిగా మెత్తనిది కావచ్చు. కాఠిన్యం తెలియాలంటే చుక్కలు లెక్కపెట్టే చిన్న కిట్ దొరుకుతుంది, అదే నమ్మదగినది.

దగ్గరలోనే ఒక ఇంట్లో జరిగినది చెబితే మీ పరిస్థితి మీకు తెలిసిపోతుంది. మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్, మీలాగే 7 కిలోల మెషీన్. ఆ ఇంటివారు మొదటి నుంచి బోరు నీటిలోనే ఉతుకుతున్నారు. డబ్బాలో వచ్చిన గరిటెతో నిండుగా పోసి రెండు గరిటెలు వేసేవారు. నేను వంటింటి తూకం మీద పెట్టి చూస్తే అది 95 గ్రాములు. బోరు నీటికి కూడా అది ఎక్కువే, కానీ లవణాలు చాలా వరకు మింగేస్తున్నందువల్ల ఇబ్బంది బయటపడలేదు. తరువాత అసోసియేషన్ వారు కుళాయిలు, గీజర్లు తెల్లగా పొర కడుతున్నాయని సాఫ్ట్‌నర్ పెట్టించారు. ఆ నెల నుంచే మెషీన్ మొరాయించింది. నేను వెళ్లేసరికి ఎవరో పంపు ఒకసారి మార్చి ఉన్నారు. తలుపు రబ్బరు మడతలో బూడిద రంగు జిగట, దాని వెంట నల్లటి బూజు, ట్రే తీస్తే వెనుక గోడ మీద గట్టిపడిన పొడి కనిపించాయి.

నేను ముందు బట్టలు గాని, పొడి గాని ఏమీ వేయకుండా 40 డిగ్రీల ఉతుకు పెట్టించాను. పది నిమిషాలు గడిచేసరికి అద్దం సగం వరకు నురుగు లేచింది. పొడి ఒక్క గ్రాము కూడా వేయలేదు, అదంతా టబ్బు గోడల మీద, గొట్టాల్లో పేరుకున్న పాత పొడి. ఆ ఇంటి అమ్మగారు ఆ అద్దం చూసిన తరువాత మోతాదు గురించి నేను వేరే ఒప్పించవలసిన పని లేకపోయింది. అలాంటి ఖాళీ ఉతుకులు 60 డిగ్రీల మీద వరుసగా నడిపిస్తే మూడోసారి నురుగు పలచబడింది, నాలుగోసారి అద్దం తేటగా కనిపించింది. తరువాత తువ్వాళ్లు మాత్రమే వేసి, పొడి లేకుండా మళ్లీ ఉతికించాము. అవి కూడా నురుగు వదిలాయి. ఎండబెడితే అట్టల్లా బిగుసుకుంటున్నాయని వారు బాధపడుతున్న తువ్వాళ్లే అవి. ఆ రోజు నుంచి 35 గ్రాములు వేయమన్నాను. మెషీన్ మళ్లీ తెర మీద చూపిన సమయానికే ముగించడం మొదలుపెట్టింది.

మీరు కూడా ఇదే వరుసలో చేయండి. ముందు పేరుకున్నది వదిలించాలి, తరువాతే కొత్త మోతాదు లెక్కకు వస్తుంది. లేకపోతే 35 గ్రాములు వేసినా పాత పొడి కలిసి నురుగు అలాగే వస్తుంది, నా మాట తప్పని మీకు అనిపిస్తుంది. ఈ ఖాళీ ఉతుకుల్లో మెషీన్ శుభ్రం చేసే పొడి ఏదీ అక్కర్లేదు, వేడి నీరు చాలు. నడుమ నురుగు మరీ లేచి ఆగిపోతే పావుగంట వదిలేసి డ్రెయిన్ పెట్టి, మళ్లీ జాడింపు పెట్టండి. అత్యవసరానికి జాడింపు సమయంలో ఒక పెద్ద చెంచాడు ఫ్యాబ్రిక్ కండిషనర్ ట్రే గదిలో పోస్తే నురుగు త్వరగా కూలుతుంది. దానిలోని పదార్థం పొడిలోని నురుగు పదార్థంతో కలిసి దానిని నిర్వీర్యం చేస్తుంది. దీనిని అలవాటు చేసుకోవద్దు, ఎందుకంటే అదే పొర మళ్లీ రబ్బరు మీద జిగటగా చేరుతుంది.

మోతాదు కొలవడానికి డబ్బాలో వచ్చే గరిటెను కళ్లతో నమ్మవద్దు. ఒక్కసారి వంటింటి తూకం మీద 35 గ్రాములు తూచి, ఏదైనా చిన్న గ్లాసులో పోసి ఆ మట్టానికి మార్కర్‌తో గీత గీసుకోండి. ఒక్కొక్క పొడి బరువు ఒక్కొక్క రకంగా ఉంటుంది కాబట్టి రకం మారిస్తే మళ్లీ తూచాలి. డ్రమ్ము సగమే నిండితే పొడి కూడా తగ్గాలి, కానీ సగానికి సగం కాదు. నీటిని మెత్తబరిచే పనికి కొంత పొడి ఎలాగూ కావాలి గనుక మూడింట రెండు వంతుల దగ్గర ఆపండి. పని బట్టలు, వంటింటి గుడ్డలు లాంటివి నూనె పట్టి ఉంటే పది గ్రాములు పెంచండి, లేదా ఆ మరక దగ్గర కొద్దిగా ద్రవం రాసి పావుగంట ఉంచి వేయండి. రెండో పద్ధతే మేలు. క్యాప్సూల్స్ వాడితే మోతాదు మన చేతిలో ఉండదు, రెండు మూడు కిలోల చిన్న ఉతుకుకు మెత్తటి నీటిలో అవి ఎక్కువే అవుతాయి.

ఆ తరువాత అద్దమే మీకు కొలబద్ద. ఉతుకు మొదలైన పదిహేను, ఇరవై నిమిషాలకు వెళ్లి చూడండి. అద్దం కింది అంచున పలచటి నురుగు పొర, బట్టల మీద అక్కడక్కడ బుడగలు ఉంటే మోతాదు సరిపోయినట్టు. అద్దం మూడో వంతు దాటి నురుగు నిలబడి ఉంటే తరువాతి ఉతుకుకు ఐదు గ్రాములు తగ్గించండి. చివరి జాడింపులో నురుగు కనబడకూడదు, కనబడితే అదీ తగ్గించమనే చెబుతున్నట్టు. అసలు నురుగే లేకపోవడం మాత్రం దోషం కాదు. బట్టలు శుభ్రంగా, వాసన లేకుండా వస్తున్నాయా అన్నదే చూడాలి.

తగ్గించడానికి కూడా హద్దు ఉంది. పొడి మరీ తక్కువైతే వదిలిన మురికి నీటిలో నిలవక మళ్లీ బట్టకే అంటుకుంటుంది. తెల్లబట్టలు నెమ్మదిగా బూడిద రంగుకు తిరుగుతాయి, దిండు గలీబుల్లో తల నూనె వాసన మిగులుతుంది. బోరు నీటిలో అయితే నీరు వేడిచేసే కడ్డీ మీద సున్నపు పొర త్వరగా కడుతుంది. ఈ గుర్తులు కనబడితే ఐదేసి గ్రాముల చొప్పున పెంచండి.

అదనపు పొడి మెషీన్‌కు చేసే దీర్ఘకాలిక నష్టం బయటికి కనబడదు గనుక ఆ సంగతి కూడా రాస్తున్నాను. డ్రమ్ము వెనుక మూడు చేతుల అల్యూమినియం చట్రం ఒకటి ఉంటుంది, డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచేది అదే. వదలని పొడి జిగటగా దాని మీద చేరి, తడితో కలిసి, ఏళ్ల మీద ఆ లోహాన్ని తినేస్తుంది. పొడి క్షార గుణం కలది, అల్యూమినియం క్షారానికి ఓర్చుకోదు. టబ్బు విప్పినప్పుడు ఆ చేతులు తెల్లటి పొడిగా రాలడం, ఒక్కోసారి పూర్తిగా విరిగి ఉండటం చూశాను. స్పిన్‌లో మెషీన్ ఇనుము కొట్టినట్టు చప్పుడు చేయడం దాని ఆఖరి దశ. ఆ మరమ్మతు ఖర్చు చూసి చాలామంది మెషీన్‌నే మార్చేస్తారు. మీది ఇంకా ఆ చప్పుడు లేని దశలో ఉంది కాబట్టి ఇప్పుడు పేరుకున్నది కడిగేయడం అన్ని విధాలా లాభమే.

మియాపూర్ ఇంటి నుంచి కొన్ని నెలల తరువాత మళ్లీ ఫోను వచ్చింది, ఈసారి నురుగు అసలు రావడం లేదని, చొక్కాలు మసకబారుతున్నాయని. మెషీన్ చూడనక్కర్లేకుండానే ప్లాంటులో ఉప్పు వేశారో లేదో కనుక్కోమన్నాను. సాఫ్ట్‌నర్ లోపలి గింజలను ఉప్పు నీటితో తరచూ కడిగి మళ్లీ పనికి సిద్ధం చేయాలి, ఉప్పు అయిపోతే బోరు నీరు బోరు నీరుగానే పైకి వస్తుంది. అక్కడ అదే జరిగింది, రెండు వారాలుగా ఉప్పు బస్తాలు రాలేదు. అలాంటి రోజుల్లో, లేదా వేసవిలో ట్యాంకరు నీళ్లు కలిసినప్పుడు, 55 గ్రాములకు పెంచమని, ప్లాంటు సరిగా నడవగానే మళ్లీ 35కు రమ్మని చెప్పాను. మీ అపార్ట్‌మెంట్‌లో ఉప్పు ఏ రోజు వేస్తారో వాచ్‌మన్‌ను అడిగి పెట్టుకోండి, అద్దంలో నురుగు మారిన రోజున కారణం వెతుక్కోనవసరం ఉండదు.